జూనియర్ అకౌంటెంట్ ఇంటర్వ్యూ: ఎవరు మార్కులు వేసినా ఒకేలా వచ్చే స్కోర్ షీట్ తయారు చేసుకోవడం ఎలా

జూనియర్ అకౌంటెంట్ పోస్టుకి ఒకే అభ్యర్థిని ముగ్గురు చూస్తే మూడు రకాల మార్కులు పడటం మామూలే. సీఏ గారు "బేసిక్స్ వీక్" అని పదికి 4 వేస్తారు, హెచ్‌ఆర్ "కాన్ఫిడెన్స్ బాగుంది" అని 8 వేస్తారు, అకౌంట్స్ మేనేజర్ ఎటూ తేల్చక 6 వేస్తాడు. చివరికి రూములో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే నెగ్గుతుంది. దీనికి మందుగా చాలా కంపెనీలు నెట్‌లో దొరికిన ఒక ఫారం పెడతాయి: టెక్నికల్ నాలెడ్జ్, కమ్యూనికేషన్, యాటిట్యూడ్, ఓవరాల్ ఇంప్రెషన్, ఒక్కోదానికి 10 మార్కులు. దానివల్ల ఏమీ మారదు. ముందు గాల్లో ఒక అంకె వేసేవాళ్లు, ఇప్పుడు నాలుగు గడుల్లో నాలుగు అంకెలు వేస్తారు, అంతే తేడా.

ఎందుకంటే తేడా పుట్టేది "టెక్నికల్ నాలెడ్జ్‌కి 7 అంటే ఏమిటి" అన్న దగ్గర. అది కాగితం మీద లేనంతకాలం ప్రతి ఒక్కరూ తమ తలలో ఉన్న కొలతతో కొలుస్తారు. కాబట్టి షీట్‌లో ఎక్కువ శ్రమ పెట్టాల్సింది గడుల పేర్ల మీద కాదు. ఏ జవాబు వస్తే ఏ మార్కు వేయాలో ముందే రాసిపెట్టడం మీద. ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1963లోనే స్మిత్, కెండల్ అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు నర్సుల పనిని అంచనా వేయడానికి ఇలాంటి కొలబద్ద తయారుచేశారు. మనం దాన్ని అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చుకుందాం.

ఉదాహరణకి విజయవాడలో ఓ మధ్యస్థాయి డిస్ట్రిబ్యూషన్ ఏజెన్సీ అనుకోండి. టాలీ ప్రైమ్‌లో పని, రోజూ పర్చేజ్ బిల్లులు, నెలకోసారి మన పుస్తకాల్లోని బ్యాంక్ లెక్కని స్టేట్‌మెంట్‌తో సరిచూసే బ్యాంక్ రికన్సిలియేషన్ అంటే బీఆర్‌ఎస్, సప్లయర్లు ఫైల్ చేసిన బిల్లులు కనబడే జీఎస్టీఆర్-2బీతో మన బిల్లుల మ్యాచింగ్. ఒక బీకాం కుర్రాడో అమ్మాయో కావాలి, ఏడాది అనుభవం ఉంటే మంచిది, లేకపోయినా ఫర్వాలేదు.

మొదటి అడుగు: ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం చేస్తారో చూడండి

జాబ్ డిస్క్రిప్షన్ పక్కన పెట్టేయండి, అది ఎవరో ఎప్పుడో కాపీ చేసింది. ప్రస్తుతం ఆ పని చేస్తున్నవాళ్ల దగ్గర, వాళ్ల పనిని చెక్ చేసే మేనేజర్ దగ్గర కూర్చుని రెండే విషయాలు అడగండి. గత ఆరు నెలల్లో ఈ సీటులో జరిగిన ఏ పొరపాటు మీకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది? బాగా చేసేవాళ్లు ఏం చేస్తే "వీడు పనికొస్తాడు" అనిపించింది? విశేషణాలు చెబితే ఆపి, సంఘటన చెప్పమనండి. "సిన్సియర్‌గా ఉంటాడు" అంటే ఏం చేశాడు? "వెండర్ బ్యాలెన్స్ తేడా వస్తే సస్పెన్స్‌లో పడేయకుండా స్టేట్‌మెంట్ తెప్పించి బిల్లు బిల్లు కొట్టుకుంటూ పోయాడు." ఇదే మనకి కావాల్సిన సరుకు.

ఇలా అడుగుతూ పోతే ఈ పోస్టుకి నాలుగు విషయాలు తేలతాయి. ఎంట్రీ సరిగ్గా ఏ లెడ్జర్‌లో పడాలో తెలియడం. రెండు లెక్కల మధ్య తేడాని పట్టుకోవడం. తను చేసిన తప్పు తనే బయటపెట్టడం. కాగితం లేకుండా ఎంట్రీ వేయమని ఎవరైనా ఒత్తిడి తెస్తే మర్యాదగానే నిలబడి అడగడం. నాలుగు చాలు. తొమ్మిది పెట్టుకుంటే నలభై నిమిషాల్లో అన్నీ చూడలేరు, చూడనివాటికి ఊహించి మార్కులు వేస్తారు.

కమ్యూనికేషన్ ఎందుకు లేదని అడుగుతారు. ఆ గడి పెట్టగానే అది ఇంగ్లీషు గడి అయిపోతుంది కాబట్టి. తెలుగు మీడియంలో చదివి బీఆర్‌ఎస్ నీళ్లు తాగినంత తేలిగ్గా చేసే పిల్ల అక్కడ 4 తెచ్చుకుంటుంది, కాన్వెంట్ కుర్రాడు డెబిట్ క్రెడిట్ తడబడినా 8 తెచ్చుకుంటాడు. ఈ ఉద్యోగంలో నిజంగా ఇంగ్లీషులో మెయిల్స్ రాయాల్సి ఉంటే, వెండర్‌కి "మీ బిల్లు మా 2బీలో కనబడటం లేదు" అని ఒక మెయిల్ రాయించండి, దానికి విడిగా మార్కులు వేయండి. మిగతా ప్రశ్నలకి జవాబు తెలుగులో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా, రెండూ కలిపి చెప్పినా మార్కు ఒకటే అని షీట్ పైనే రాయండి.

రెండో అడుగు: చెప్పించడం కాదు, చేయించడం

"బీఆర్‌ఎస్ గురించి తెలుసా?" అంటే అందరూ తెలుసనే అంటారు. కాగితం, పెన్ను, కాలిక్యులేటర్ ఇచ్చి పదిహేను నిమిషాలు టైమివ్వండి. ఇదిగో ఒక ప్రశ్న.

ఆగస్టు 31 నాటికి మన పుస్తకాల్లో బ్యాంక్ బ్యాలెన్స్ రూ. 1,84,500. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో రూ. 2,13,310. రెండు పక్కల ప్రింట్లూ అభ్యర్థి చేతిలో పెడతాం, తేడాలు తనే టిక్ కొట్టుకుంటూ పట్టుకోవాలి. అందులో దాచిన తేడాలు ఇవి. మనం ఇచ్చినా ఇంకా బ్యాంకుకి రాని చెక్కులు రెండు, రూ. 24,000, రూ. 8,000. మనం డిపాజిట్ చేసినా ఇంకా క్లియర్ కాని చెక్కు రూ. 18,500. బ్యాంక్ చార్జీలు 500, దాని మీద జీఎస్టీ 90, మొత్తం రూ. 590, మన పుస్తకాల్లో ఎక్కలేదు. ఒక కస్టమర్ నేరుగా నెఫ్ట్ చేసిన రూ. 15,000, అదీ ఎక్కలేదు. మనం ఇచ్చిన రూ. 4,570 చెక్కుని మనవాళ్లు 5,470 అని ఎక్కించారు, అంటే 900 తేడా.

లెక్క: 1,84,500కి 32,000 కలిపి, 18,500 తీసేసి, 590 తీసేసి, 15,000, 900 కలిపితే 2,13,310. టాలీ అయింది. కానీ ఇందులో అసలు పరీక్ష కూడిక తీసివేతలది కాదు. చార్జీలు, నెఫ్ట్, 900 సవరణ, ఈ మూడింటికీ మన పుస్తకాల్లో ఎంట్రీ పడాలి. చెక్కుల తేడాలు టైమింగ్ వల్ల వచ్చినవి, వాటికి ఎంట్రీ అక్కర్లేదు. ఈ ముక్క తెలిసినవాళ్లకీ, ఫార్ములా బట్టీ పట్టినవాళ్లకీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ రూ. 8,000 చెక్కు తేదీ ఏప్రిల్ 12. రిజర్వ్ బ్యాంక్ 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు గడువుని మూడు నెలలకి తగ్గించింది కాబట్టి అది ఆగస్టు చివరికి చెల్లదు. దాన్ని ఊరికే "ఇంకా రాలేదు" జాబితాలో వదిలేయకూడదు, పార్టీని కనుక్కుని రివర్స్ చేయాలి. ఫ్రెషర్ ఇది పట్టుకోకపోయినా తప్పు లేదు, పట్టుకుంటే మాత్రం కనిపించిపోతుంది.

మూడో అడుగు: ప్రతి మార్కుకీ ఒక వర్ణన రాయండి

స్కేల్ 1 నుంచి 4 వరకు పెట్టండి. పది పెడితే 6కీ 7కీ తేడా ఎవరూ చెప్పలేరు, అయిదు పెడితే మొహమాటంతో అందరూ 3 దగ్గర ఆగుతారు. నాలుగైతే ఇటో అటో తేల్చుకోక తప్పదు. పై ప్రశ్నకి వర్ణనలు ఇలా ఉండొచ్చు.

1 మార్కు: తేడాలు సగం కూడా పట్టుకోలేదు, లేదా ఏది కలపాలో ఏది తీయాలో తారుమారు చేశాడు, లేదా మిగిలిన మొత్తాన్ని సస్పెన్స్‌లో పెట్టి టాలీ చేశాడు.

2 మార్కులు: తేడాలు ఎక్కువ భాగం పట్టుకున్నాడు, కానీ దేనికి ఎంట్రీ కావాలో దేనికి అక్కర్లేదో విడదీయలేదు, లేదా హింట్ ఇచ్చాక విడదీశాడు.

3 మార్కులు: హింట్ లేకుండా విడదీశాడు, మూడు ఎంట్రీలూ సరిగ్గా చెప్పాడు, చివరి అంకె కలిసింది.

4 మార్కులు: 3లో ఉన్నదంతా చేసి, పైగా వీటిలో కనీసం ఒకటి తనంతట తాను చెప్పాడు. పాత చెక్కు చెల్లదని, నెఫ్ట్ ఏ కస్టమర్‌దో ఏ బిల్లుకో చూసుకోకుండా ఎక్కించకూడదని, 90 రూపాయల జీఎస్టీని క్రెడిట్ తీసుకునే వీలు చూడాలని, 900 తేడా తొమ్మిదితో భాగించబడుతోంది కాబట్టి అంకెలు తారుమారై ఉంటాయని.

ఈ వర్ణనల్లో "బాగా", "చక్కగా", "మంచి అవగాహన" లాంటి మాట ఒక్కటీ లేదు చూడండి. అన్నీ జరిగాయా లేదా అని పక్కవాడు కూడా చెప్పగలిగేవి. మీ షీట్‌లో ఇలాంటి విశేషణాలు ఎక్కడ కనబడితే అక్కడ పెన్ను పెట్టి కొట్టేసి, దాని బదులు ఏం వినబడాలో ఏం కనబడాలో రాయండి.

హింట్ కూడా షీట్‌లోనే ఉండాలి, మాటతో సహా. "వీటిలో మన పుస్తకాల్లో ఎంట్రీ పడాల్సినవి ఏవి?" ఎనిమిది నిమిషాలయ్యాక ఒక్కసారి, ఇవే మాటల్లో. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ ఇంటర్వ్యూవర్ల మధ్య తేడాకి చాలాసార్లు ఇదే కారణం. జాలిగుండె ఉన్నాయన నాలుగు హింట్లిచ్చి జవాబు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి 3 వేస్తాడు, ఇంకొకాయన గడియారం చూస్తూ మౌనంగా కూర్చుని 1 వేస్తాడు.

నాలుగో అడుగు: ఒక వర్ణనలో రెండు విషయాలు ఇరికించకండి

తప్పు బయటపెట్టడం అనే అంశానికి ప్రశ్న ఇది అనుకోండి: "గత నెల జీఎస్టీఆర్-3బీ ఫైల్ అయిపోయింది. ఒక పర్చేజ్ బిల్లు మీరు రెండుసార్లు ఎక్కించారని, దాని మీద జీఎస్టీ క్రెడిట్, అంటే ఐటీసీ, రెండుసార్లు తీసుకున్నామని ఈరోజు మీ కంట పడింది. ఇంకెవరూ చూడలేదు. ఏం చేస్తారు?"

3 మార్కుల వర్ణన మొదటిసారి రాసేటప్పుడు చేయి ఇలా పోతుంది: "వెంటనే సీనియర్‌కి చెబుతాడు, 3బీని రివైజ్ చేయడం కుదరదని, తర్వాతి రిటర్న్‌లో రివర్స్ చేయాలని తెలుసు." చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు ఒక అమ్మాయి వచ్చి "ఈరోజే సార్‌కి చెప్తాను, ఇంకెక్కడైనా డబుల్ పడిందేమో నా ఎంట్రీలన్నీ ఒకసారి చూస్తాను, తర్వాత 3బీ రివైజ్ చేద్దాం" అంది. సీఏ గారు రివైజ్ అన్న మాట వినగానే 1 వేస్తారు. హెచ్‌ఆర్ మొదటి ముక్క విని 4 వేస్తారు. ఇద్దరూ షీట్ ప్రకారమే వేశారు! తప్పు షీట్‌ది, నిజాయితీ, జీఎస్టీ పరిజ్ఞానం రెండూ ఒకే గడిలో కలిసిపోయాయి.

విడదీయండి. ఈ గడిలో చూసేది ఒక్కటే, తప్పుని ఎంత త్వరగా ఎవరికి చెబుతాడు అని. 1 అంటే "తర్వాతి నెలలో ఎవరికీ తెలియకుండా సర్దేస్తాను". 2 అంటే సరిచేస్తాడు గానీ అడిగితేనే చెబుతాడు. 3 అంటే అదే రోజు సీనియర్‌కి చెబుతాడు. 4 అంటే చెప్పడంతో పాటు అలాంటివి ఇంకేమైనా ఉన్నాయేమో వెతుకుతాడు. 3బీ రివైజ్ కాదన్న సంగతి మొదటి గంటలో నేర్పొచ్చు, దాచే అలవాటు మాన్పించడం మాత్రం అంత తేలిక కాదు. జీఎస్టీ కూడా కొలవాలనుకుంటే ఎంట్రీల గడిలో దానికో ప్రశ్న పెట్టండి.

ఎంట్రీల గడికి నేను వాడమనేది చాలా చిన్న ప్రశ్న: ఆఫీసుకి కొన్న లాప్‌టాప్‌ని ఎవరో ఆఫీస్ ఖర్చుల్లో ఎక్కించారు, ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయింది, మరి తప్పేమన్నా ఉందా? "టాలీ అయింది కదా సార్, తప్పుండదు" అంటే 1. నాలుగో అంశానికి, సేల్స్ మేనేజర్ బిల్లు లేకుండా ఖర్చు ఎక్కించమని నెలాఖరున తొందరపెట్టే సన్నివేశం సరిపోతుంది. వర్ణనలు పైన చెప్పిన పద్ధతిలోనే రాసుకోండి.

అయిదో అడుగు: చీటీల పరీక్ష

వర్ణనలన్నీ రాశాక, అంకెలు లేకుండా ఒక్కో వర్ణన ఒక్కో చీటీ మీద రాసి కలిపేయండి. షీట్ రాయడంలో పాలు పంచుకోని వాళ్లకి, ఉదాహరణకి ఆ అకౌంట్స్ మేనేజర్‌కి ఇచ్చి, ఏ చీటీ ఏ అంశానిదో ఎన్ని మార్కులదో సర్దమనండి. 2 చీటీని 3 దగ్గర పెట్టారంటే ఆ రెంటికీ తేడా మీ తలలో ఉందిగానీ కాగితం మీదకి రాలేదన్నమాట. వాదించకండి, తిరగరాయండి. స్మిత్, కెండల్ పద్ధతిలో కూడా ఇలాంటి అడుగే ఉంది. వర్ణనలు వేరేవాళ్ల చేతికిచ్చి, ఏది ఏ అంశంలోకి వస్తుందో మళ్లీ వాళ్లచేత సర్దించి, సరైన చోట పడనివి తీసేశారు.

ఆరో అడుగు: అసలు అభ్యర్థులు రాకముందే ఒక రిహార్సల్

మీ ఆఫీసులోనే ఇద్దరు ముగ్గురు జూనియర్లని బతిమాలి అభ్యర్థుల్లా కూర్చోబెట్టండి. ఒకరిని కావాలనే సగం సగం జవాబులు చెప్పమనండి, ఎందుకంటే అద్భుతమైన జవాబుకీ చెత్త జవాబుకీ అందరూ ఒకేలా వేస్తారు, తేడా మధ్యలోనే వస్తుంది. మార్కులు వేసే ముగ్గురూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా వేయాలి.

తర్వాత పోల్చుకునేటప్పుడు "ఒక మార్కు తేడానే కదా, దగ్గరగానే ఉన్నాం" అని మురిసిపోవద్దు. నాలుగు మెట్ల స్కేల్‌లో ఇద్దరు కళ్లు మూసుకుని మార్కులు వేసినా పదహారు కలయికల్లో పది ఒక మార్కు తేడా లోపలే ఉంటాయి, అంటే వందకి 62 పైమాటే. అదే ఖచ్చితంగా ఒకే అంకె పడేది గుడ్డిగా వేస్తే నాలుగో వంతే. అందుకే చూడాల్సింది ఒకే అంకె ఎన్నిసార్లు పడింది అని. నా లెక్కలో నాలుగింట మూడు సార్లు కలిస్తే షీట్ వాడొచ్చు, సగం దగ్గరే ఆగితే ఏ గడిలో విడిపోతున్నారో చూసి ఆ వర్ణన మార్చాలి. మనుషులకి క్లాసు పీకడం వల్ల లాభం లేదు.

ఏడో అడుగు: ఇంటర్వ్యూ రోజు నియమాలు

ముందు సాక్ష్యం, తర్వాత అంకె. గడి పక్కన ఖాళీ జాగా వదిలి, అభ్యర్థి అన్నమాటని ఉన్నదున్నట్టు ఒక వాక్యం రాశాకే మార్కు వేయాలి. అది కూడా ఆ ప్రశ్న అయిపోగానే వేయాలి, చివర్లో అన్నీ కలిపి వేస్తే మొదటి ప్రశ్న బాగా చెప్పినవాడికి మిగతావాటిల్లోనూ ఒక మార్కు కలిసిపోతుంది.

ప్రతి ప్రశ్నకీ కనీసం ఇద్దరు మార్కులు వేయాలి, ఆ ఇద్దరూ అందరు అభ్యర్థులకీ వాళ్లే అయితే ఇంకా మంచిది. చేయి బిగువున్న సీఏ గారు అందరికీ ఒకటి తక్కువ వేసినా అప్పుడు ఎవరికీ అన్యాయం జరగదు. ఉదయం బ్యాచ్‌కి ఒక ప్యానెల్, సాయంత్రం బ్యాచ్‌కి ఇంకో ప్యానెల్ పెడితే మాత్రం సాయంత్రం వచ్చినవాళ్ల అదృష్టం మీద ఉంటుంది.

కూర్చోగానే "ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తారు" అని మొదలవుతుంది మన దగ్గర. ఆప్యాయతే కావచ్చు, కానీ ఆ జవాబుతోనే ఊరు, కులం, స్తోమత అన్నీ తలలోకి దిగిపోతాయి, తర్వాత ఏ వర్ణనా వాటిని బయటికి తోయలేదు. పెళ్లి సంగతులు కూడా అంతే. టెన్షన్ తగ్గించాలంటే కాఫీ ఇప్పించండి, ఎలా వచ్చారు బస్సులోనా అని అడగండి.

మార్కులు రాసి సంతకాలు పెట్టాకే మాట్లాడుకోవాలి, అందరికంటే చిన్న హోదా ఉన్నవారు ముందు చెప్పాలి. రెండు అంతకుమించి తేడా ఉన్న గడుల గురించే చర్చించాలి, మిగతావి సగటు తీసేయండి. అంకె మార్చుకోవడానికి రెండే కారణాలు ఒప్పుకోవాలి: "ఆ మాట నేను వినలేదు" లేక "వర్ణన తప్పు చదివాను". "సార్ చెప్పారు కాబట్టి" అనేది కారణం కాదు. మార్చినప్పుడు పాత అంకెని చెరపకుండా పక్కన కొత్తది రాయండి.

లెక్క కట్టడం

ఎంట్రీలకి 3 బరువు, రికన్సిలియేషన్‌కి 3, తప్పు బయటపెట్టడానికి 2, నిలబడి అడగడానికి 2 అనుకుంటే మొత్తం 40. షీట్‌లో ఆ వరుసలోనే B నుంచి E వరకు కాలమ్స్ పెట్టుకుంటే:

```
=B2*3+C2*3+D2*2+E2*2
```

దీంతోపాటు ఒక గీత కూడా కావాలి. మొదటి అభ్యర్థికి 3, 2, 4, 3 వచ్చాయి, మొత్తం 29. రెండో అభ్యర్థికి 4, 4, 1, 3, మొత్తం 32. అంకె చూస్తే రెండోవాడే పైన ఉన్నాడు, కానీ డబుల్ ఐటీసీని ఎవరికీ తెలియకుండా సర్దేస్తానన్నది అతనే. కాబట్టి ఎంట్రీల గడిలోగానీ తప్పు బయటపెట్టే గడిలోగానీ 1 వస్తే మొత్తంతో పనిలేకుండా ఆపేయాలి. ఈ గీత ఇంటర్వ్యూలకి ముందే గీయాలి, ఫలానావాడు నచ్చాక గీస్తే అది అతని చుట్టూ తిరుగుతుంది.

ఒకటి రెండు మార్కుల తేడాని మాత్రం పవిత్రంగా చూడకండి. 29కి 30కి మధ్య ఈ షీట్ ఏమీ చెప్పలేదు, అక్కడ జీతం అంచనా, ఎప్పుడు చేరగలరు లాంటివి చూసి తేల్చుకోండి.

చేరినవాళ్ల షీట్లు దాచిపెట్టి, ప్రొబేషన్ అయ్యాక మేనేజర్ చేత వాళ్ల పనికి అవే నాలుగు అంశాల మీద మార్కులు వేయించండి, పాత షీట్ చూపించకుండా. చేరినవాళ్లు కొద్దిమందే కాబట్టి ఒక బ్యాచ్‌తో ఏమీ తేలదు, కానీ ఒకే గడి పదే పదే అబద్ధం చెబుతుంటే ఆ ప్రశ్న మార్చే టైమొచ్చిందని అర్థం.

బీఆర్‌ఎస్ ప్రశ్నని ఎలాగూ ప్రతి విడతకీ మార్చక తప్పదు, ఎందుకంటే మొదటి రోజు రాసినవాళ్లు సాయంత్రానికే కోచింగ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. అంకెలు, పార్టీల పేర్లు, తేడాలు వచ్చే వరుస మార్చండి. తేడాల రకాలు, హింట్, వర్ణనలు మాత్రం అలాగే ఉంచండి, అప్పుడే జూన్‌లో వచ్చినవాళ్లనీ డిసెంబర్‌లో వచ్చినవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మెలికగా పాత చెక్కు బదులు ఈసారి ఒకే నెఫ్ట్ రెండుసార్లు ఎక్కినట్టు పెడితే, 4 మార్కుల వర్ణనలో ఆ ఒక్క ముక్క మార్చి, కొత్త పేపర్‌ని మీ జూనియర్ ఒకరి చేత చేయించి టైమ్ చూసుకున్నాకే వాడండి.